నిశ్చయ తాంబూలమునాటి నాలుగు మాటలు



“నిశ్చితార్థమునకు పిలుపు వచ్చినది. పెద్దదానను గనుక ఉంగరములు మార్చుకొన్న పిమ్మట పిల్లలను, వియ్యాలవారిని అభినందించుచు నాలుగు మాటలు చెప్పుమనుచున్నారు. పెండ్లినాడైన పురోహితుని మంత్రములున్నవి. తాంబూలములనాడు మన మేమి చెప్పవలయునో తోచకున్నది” అని ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. దీనికి పుస్తకము చూచి సమాధానము చెప్పవచ్చును గాని, మేము ఒక పొరపాటు చేసి నేర్చుకొన్నది చెప్పుట మేలని తోచుచున్నది. ఆ పొరపాటు గడచిన మాఘమాసమున మా చల్లపల్లిలోనే జరిగినది.

మా యింటికి నాలుగిండ్ల ఆవల ఒక తల్లియు, కూతురును కాపురముందురు. తండ్రి పోయి పదునొకండు సంవత్సరము లైనది. తల్లి కుట్టుమిషను త్రొక్కి, పండుగ రోజులలో రాత్రి పన్నెండు గంటలదాక రవికెలు కుట్టి, పిల్లను రసాయనశాస్త్రమున పట్టము పుచ్చుకొనువఱకు చదివించినది. ఇప్పుడా పిల్ల ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిగా నున్నది. సంబంధము బందరువారిది. పిల్లవాడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. పిల్లలిద్దరు రెండుమూడు మాఱులు మాటలాడుకొని ఇష్టపడిన మీదట పెద్దలు ముహూర్తము పెట్టుకొనిరి.

మా యింటివారు బడిపంతులు గనుక ఊరిలో శుభకార్యమైనపుడు అభినందన పత్రము వ్రాయుమని మా గుమ్మమునకు వచ్చుట వాడుక. మా తాతగారి కాలమున పెండ్లికి పంచరత్నములని అయిదు పద్యములు చెప్పించి, అచ్చొత్తించి, పందిటిలో పంచిపెట్టెడివారు. ఇప్పుడు పద్యములు తగ్గి మైకు వచ్చినది. మా యింటివారికి పరీక్షల పని తగులుటచే ఈ మాఱు ఆ భారము మాపై బడినది. మేమును ఉత్సాహముతో ఒక నిండు కాగితము వ్రాసితిమి. పాలును తేనెయు వలె కలసియుండుడని వ్రాసితిమి. సీతారాములను, పార్వతీపరమేశ్వరులను తలచితిమి. పిల్ల తాతగారి పేరు, తండ్రిగారి పేరు, వరుని తాతతండ్రుల పేర్లు తప్పులేకుండ చేర్చితిమి. ఉభయ వంశములు వర్ధిల్లవలెనని ముగించితిమి. కాగితము మాకే ముద్దువచ్చినది.

ఆనాటి క్రమము మీరెఱిగినదే. మొదట విఘ్నేశ్వరపూజ యైనది. వరునివారు పళ్లెములలో ప్రధానపు చీర, పసుపు కుంకుమలు, గాజులు, పూలు, పండ్లు, బందరు లడ్లు తెచ్చి వరుసగా పెట్టిరి. పిల్ల తండ్రి పీటలపై మేనమామయు, అతని భార్యయు కూర్చుండిరి. పురోహితుడు లగ్నపత్రిక వ్రాసి, నాలుగు మూలల పసుపు అద్ది, ఇరువైపుల గోత్రములు, పెద్దల పేర్లు, ముహూర్తము వచ్చు తిథివార నక్షత్రములు అందఱకు వినబడునట్లు చదివెను. పిమ్మట రెండు పక్షములవారు తాంబూలములు మార్చుకొనిరి. పిల్ల లోపలికి పోయి వారు తెచ్చిన చీర కట్టుకొని వచ్చి కూర్చుండినది. అప్పుడు పిల్లలిద్దరు ఒకరి అనామికకు ఒకరు ఉంగరము తొడిగిరి. అమెరికాలో నున్న మేనత్త కొఱకు ఎవరో ఫోను ఎత్తిపట్టుకొని అంతయు చూపుచుండిరి.

ఇక అభినందనల వంతు వచ్చినది. ముందుగా ఒక పెద్దమనిషి లేచెను. ఆయన మంచివాడే. పిల్లపై వాత్సల్యము గలవాడే. కాని ఆయన మాటలు ఇట్లు సాగినవి. పిల్లవాని ఉద్యోగమెంత గొప్పదో, జీతమెంతో, హైదరాబాదున కొన్న ఇల్లెంతదో చెప్పెను. తండ్రిలేని పిల్లకు ఇటువంటి సంబంధము దొరకుట పూర్వజన్మ సుకృతమనెను. పైగా కానీ కట్నము లేకుండ చేసికొనుచున్న వియ్యాలవారి ఔదార్యమునకు చేతులెత్తి మ్రొక్కవలెననెను. అందఱు చప్పట్లు కొట్టిరి.

ఆ చప్పట్లలో మేము మూడు సంగతులు చూచితిమి. అప్పటివఱకు క్రొత్త ఉంగరమును వ్రేలిపై త్రిప్పుకొనుచు మురిసిపోవుచున్న పిల్ల చేయి ఆగిపోయినది. మేనమామ తల వంచుకొనెను. వరుని తండ్రి, తనను పొగడినందుకు సంతోషింపక, ఇబ్బందిగా భార్య మొగము చూచెను. అభినందన చెడినదని తెలిసికొనుటకు ఇంతకంటె గుర్తులు వేఱే అక్కఱలేదు. పొగడ్త విన్నవాడు కూడ కుర్చీలో కదలినచో ఆ పొగడ్త ఎవరినో త్రొక్కి నిలిచినదన్న మాట.

తరువాత మా పేరు పిలిచిరి. మేము కాగితము విప్పుకొని లేచి నిలుచుంటిమి. నిలుచున్న చోటినుండి వంటయింటి గడప కనబడినది. తలుపు చాటున పిల్ల తల్లి నిలిచియుండెను. వట్టి పళ్లెము నొకదానిని రొమ్మునకు హత్తుకొని కూతురివంకనే చూచుచుండెను. శుభమునకు అడ్డురాకూడదని ఆమె తనంతట తానే లోపల నిలిచిపోయినదట. అప్పుడు మా కాగితమువంక చూచుకొంటిమి. అందు తాతగారున్నారు, తండ్రిగారున్నారు, మేనమామగారున్నారు, దేవతలున్నారు. తల్లి లేదు. “ఉభయ వంశములు” అను మాటలో ఆమెయు ఇమిడియున్నదని మేము తలచితిమి కాబోలు. ఇమిడిపోవుట వేఱు, కనబడుట వేఱు. ఆ పెద్దమనిషి నోట వచ్చిన తప్పును లోలోపల ఎంచుచున్న మాకు, మా చేతి కాగితముననే అంతకంటె పెద్ద తప్పు కనబడినది.

మేము కాగితము మడచితిమి. “మేము వ్రాసికొని వచ్చినదానిలో ఒక లోపమున్నది. ఈ పిల్లను పెంచి, చదివించి, నేడు ఈ మాట ఇచ్చినది ఎవరో ఆమె పేరు ఇందు లేదు. ఆమె వచ్చి కూర్చుండిన పిమ్మట దిద్దుకొని చదివెదము” అంటిమి. గొంతు కొంచెము వణకినది. ఒక్క క్షణము ఎవరును మాటలాడలేదు. అప్పుడు వరుని తల్లి లేచి, అక్షతల పళ్లెము చేత పుచ్చుకొని, గడపదాక పోయి, “వదినగారూ, మొదటి అక్షతలు మీవి” అనెను.

“నేను వేయకూడదు వదినగారూ. పిల్లకు మంచిది కాదు” అని ఆమె వెనుకకు తగ్గినది.

“ఇన్నేండ్లు మీ చేతి అన్నము తిని పెరిగిన పిల్లకు ఆ చేతి అక్షతలు కీడు చేయునా?” అని వరుని తల్లి అడిగెను. అందఱు పురోహితునివంక చూచిరి. ఆయన, “తల్లి ఆశీస్సు ముందు నా మంత్రమెంత అమ్మా? రండి” అనెను.

ఆమె వచ్చినది. వణకు చేతితో ఇద్దఱి తలలపై అక్షతలుంచినది. ఏమైన చెప్పుమని అందఱు కోరగా, “ఒకరి మాట ఒకరు పూర్తిగా వినండి. కోపము వచ్చిననాడు కూడ” అని మాత్రమే అన్నది. ఆనాడు చెప్పబడిన మాటలలో అంతకంటె మేలైనది మఱియొకటి లేదు. మా కాగితము కూడ దాని ముందు చిన్నదే.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, చిన్ననాడు మా నాయనగారు మాచేత చదివించిన కాళిదాసుని కుమారసంభవము తీసి ఆఱవ సర్గ చూచితిమి. అది నిశ్చితార్థపు సర్గయే. శివునికొఱకు సప్తర్షులు హిమవంతుని యింటికి పిల్లనడుగ వచ్చుట అందలి కథ. వారివెంట వసిష్ఠుని భార్య అరుంధతియు వచ్చినది. పూర్వము ఎన్నిమాఱులు చదివినను పార్వతి సిగ్గుతో తలవంచి చేతిలోని తామరపూవు రేకులు లెక్కపెట్టుకొనిన ముచ్చటయే మాకు గుర్తుండెడిది. ఈ మాఱు అభినందనలు ఎవరు ఎవరికి చేసిరో చూడవలెనని చదివితిమి.

అంగిరసుడు అడుగునపుడే వధువును, ఇచ్చు తండ్రిని, అడుగ వచ్చిన తమను, వరుని, నలువురను ఒక్క వరుసలో నిలిపి చెప్పెను. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అను మాట లేదు. వరుడు పరమేశ్వరుడైనను, ఈ సంబంధమువలన హిమవంతుడు లోకగురువునకే పెద్దవాడగునని పిల్లతండ్రిని గౌరవించి చెప్పెనే కాని, నీ కూతురు అదృష్టవంతురాలని చెప్పలేదు. హిమవంతుడు వెంటనే బదులు చెప్పక భార్యయగు మేనవంక చూచెను. కూతుళ్ల విషయమున గృహస్థులు ఇల్లాలి కన్నులతోనే చూతురని కవి అక్కడ కారణము చెప్పుచున్నాడు. ఆమె సమ్మతించిన పిమ్మటనే మాట స్థిరపడినది.

ఆ తరువాత జరిగినదే మనకు కావలసినది. ఋషులు మొదట హిమవంతుడిచ్చిన మాటను అభినందించిరి. అటుపిమ్మట పార్వతిని, త్వరలోనే పండబోవు ఆశీస్సులతో దీవించిరి. మ్రొక్కుటకు వంగగా బంగారు కుండలములు జాఱిన ఆ సిగ్గుల పిల్లను అరుంధతి తన ఒడిలో కూర్చుండబెట్టుకొనెను. కూతురిపై ప్రేమచేత కంట తడిపెట్టిన మేనను చూచి, ఆమెకు వరుని గుణములు చెప్పి దుఃఖము తీర్చెను. తరువాత హిమవంతుడు తిథి అడుగగా మూడుదినముల పిమ్మట పెండ్లియని చెప్పి, శివునియొద్దకు పోయి పని యైనదని తెలిపిరి. ఆ మూడు దినములు గడుపుట శివునికే కష్టమైనదట.

సోదరీ! దీనిలో అభినందన నాలుగు దిక్కులకు పోయినది. ఇచ్చిన మాటకు, పిల్లకు, కన్నతల్లికి, కాచుకొనియున్న వరునికి. మా కాగితమున మూడు దిక్కులే యుండినవి. ఆ నాలుగవ దిక్కునకు పోయినది అరుంధతి, అనగా ఆ బృందములోని స్త్రీ. కనుక ఆ పని మనదే యని మాకు తోచినది.

ఇచ్చిన మాటను ముందు అభినందించుటకు కారణమున్నది. ఈనాడు మనము ఉంగరముల పండుగ అనుచున్నాము గాని, ఉంగరములు మార్చుకొనుట మన గృహ్యసూత్రములు చెప్పిన తంతు కాదు. ఆపస్తంబుడు మిత్రులను కన్యనడుగుటకు పంపవలెనని చెప్పెను. పెద్దలు దీనికి వాగ్దానమని పేరు పెట్టిరి. ఉంగరము దేశదేశములయందు ఈ మాటకు గుర్తుగా వాడబడినది. తన కాలమునను వధువునకు రాయి పొదుగని ఇనుప ఉంగరము పంపు ఆచారము గలదని 1వ శతాబ్దపు రోమను పండితుడు ప్లినీ వ్రాసియున్నాడు. ఇనుమైనను బంగారమైనను అది మాటకు గుర్తే. మాట ఇచ్చినవారెవరో, పుచ్చుకొన్నవారెవరో సభలో స్పష్టముగా పలుకుటయే అభినందించువాని మొదటి పని. అతడు పొగడుటకు వచ్చినవాడు కాడు, సాక్షిగా వచ్చినవాడు. అందుచేతనే లగ్నపత్రిక చదివి తాంబూలములు మార్చుకొనక పూర్వము అభినందింపరాదు. అప్పటికింకను మాట పుట్టలేదు.

త్వరలో పండబోవు ఆశీస్సు అనుటలోను ఒక మర్యాద యున్నది. నిశ్చితార్థమునాటికి వారింకను ఆలుమగలు కారు. సప్తపది గల వివాహము ఏడవ అడుగుతోనే పూర్తియగునని 1955నాటి హిందూ వివాహ చట్టము కూడ చెప్పుచున్నది. కావున ఆ దినమున చేయవలసిన దీవెన దగ్గఱిదానిని గుఱించి యుండవలెను. కల్యాణము నిర్విఘ్నముగా జరుగవలెనని, ఈ నడిమి దినములలో ఒకరినొకరు ఎఱుగవలెనని చెప్పవలెను. “వచ్చు ఏటికి మనుమడిని ఎత్తుకొందుము” అని హాస్యమాడుట మన యిండ్లలో కలదు. అది పిల్లను నలుగురిలో తలవంచుకొనునట్లు చేయును. తామరరేకులు లెక్కపెట్టుకొను సిగ్గు వేఱు, ఈ సిగ్గు వేఱు.

ఇక ఆ పెద్దమనిషి మాటలలో దోషమెక్కడనో చూతము. ఒక వాక్యము మంచిదో కాదో తెలిసికొనుటకు మేమిప్పుడు ఒక ఉపాయము చేయుచున్నాము. ఆ వాక్యమును చదివి, మనము ఎదుటి పక్షపు పీటపై కూర్చుండి వినినట్లు తలపోయవలెను. “తండ్రిలేని పిల్లకు ఇంత సంబంధము” అను వాక్యమును వరునివారి పీటపై వినిన పొగడ్తగానుండును. తల్లి నిలిచిన గడపనుండి వినిన, పదునొకండేండ్ల కష్టమునకు విలువలేదన్నట్లుండును. రెండు పీటలపైనను ఒక్కతీరున వినబడిన వాక్యమునే ఉంచి, తక్కినవి కొట్టివేయవలెను. పిల్లవాని జీతము, పిల్ల రంగు, ఇంటి వెల, పూర్వము తప్పిపోయిన సంబంధములు, ఇవన్నియు ఈ పరీక్షలో నిలువవు.

కట్నము సంగతి మఱియొకటి. పుచ్చుకొనలేదని సభలో మెచ్చుకొనుట మేలే కదా యని కొందఱందురు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961నాటి చట్టముచేత నేరములు. నేరము చేయనివానిని అందుకై పదిమందిలో పొగడినచో, చేయుటయే రివాజని ఒప్పుకొన్నట్లగును. మఱియు పిల్లవారిని ఋణగ్రస్తులవలె నిలుపును. వరుని తండ్రి ఇబ్బందిపడినది ఇందులకేయని ఆయన భార్య తరువాత మాతో చెప్పినది. తాము దయ చేసి ఆ పిల్లను తెచ్చుకొనుటలేదని, కోరి తెచ్చుకొనుచున్నామని ఆమె అన్నది. ఆ “కోరి” అను మాటను మేము మా కాగితమునకు ఎరువు తెచ్చుకొంటిమి.

తల్లి తలుపుచాటున నిలుచు సంగతి ఒక్కరియింటిది కాదు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. పెండ్లియే జరిగి నూఱేండ్లు దాటినది. కన్నకూతురి తలపై నాలుగు అక్షతలు వేయుటకు మాత్రము నేటికిని కొందఱు తల్లులు గడప దాటలేకున్నారు. వారిని ఎవరో బలవంతముగా ఆపుట లేదు, ఎవరును పిలువకుండుటయే. ఆమె తనంతట తాను రాదు. వచ్చిన ఏదో అనుమానము మిగులునని భయపడును. కనుక పిలుపు వరుని పక్షమునుండి, ముఖ్యముగా వరుని తల్లినుండి రావలెను. మీరు వరుని తల్లియైనచో ముందురోజుననే పోయి, “వదినగారూ, పీటల దగ్గఱ మీరు కూర్చుండవలెను” అని చెప్పుడు. సభలో చెప్పవలసి వచ్చుట మావంటివారి మఱపునకు దిద్దుబాటు మాత్రమే. ఆ తల్లికి నలుగురి కన్నులు ఒక్కమాఱుగా తనపై పడిన బాధ తప్పలేదని మేమెఱుగుదుము.

అక్షతలను గుఱించి ఒక్క మాట. అక్షత యనగా విఱుగనిది. సోలెడు బియ్యమున నూకలేఱి, చెంచాడు పసుపును, కొద్దిగ నేతిని చేర్చి వ్రేళ్లతో కలిపిన గింజ గింజకు పట్టును. నీరెక్కువైన ముద్దకట్టి పట్టుచీరలకు మరకలగును. దూరమునుండి విసరివేయక దగ్గఱకు పోయి తలపై ఉంచుడు. చేరువకు పోయినపుడే మెల్లగా ఒక మాట చెప్పుటకు వీలు కలుగును. దూరదేశముననున్న మేనత్తవంటివారు అక్షతలు వేయలేరు. వారి పేరు చెప్పి ఇంటిలో చిన్నదానిచేత వేయించిన వారి మనసు నిండును. ఆనాడు అట్లే చేసితిమి. ఫోనులోని మేనత్త కొంగుతో కన్నులద్దుకొనుట అందఱకు కనబడినది.

మేము దిద్దుకొని చదివిన కాగితమును జాబు వ్రాసిన సోదరికొఱకు ఇచ్చట వ్రాయుచున్నాము. పేర్లు మీ యింటివి చేర్చుకొనుడు. చదువుటకు రెండు నిమిషములు మించదు. అంతకు మించిన అభినందనను ఆకలిగొన్న బంధువులు వినరు.

“పెద్దలకు నమస్కారములు. ఈ దినమున ఈ యింట ఒక మాట ఇయ్యబడినది, ఒక మాట పుచ్చుకొనబడినది. మేమందఱము దానికి సాక్షులము. మాట ఇచ్చినది పిల్ల తల్లిగారు. ఆమె తన కుట్టుమిషనుతో ఈ బిడ్డను చదివించి, ఒక ఉపాధ్యాయినిని ఈ ఊరికిచ్చినది. నేడు తన బిడ్డను మఱియొక యింటికి ఇచ్చుటకు అంగీకరించినది. ఆమెకు తోడుగా నిలిచిన మేనమామగారికిని, నేడు మన మధ్యలేని తండ్రిగారి తలపునకును మా వందనములు.

“మాట పుచ్చుకొన్నది వరుని తల్లిదండ్రులు. వారు ఈ పిల్లను కోరి వచ్చిరి. కోరి వచ్చినవారి యింట పిల్లకు కొదువ యుండదు. తమ కుమారుని ఒకరి మాట ఆలకించువానిగా పెంచినారని ఈ కొద్ది పరిచయమున మాకు తెలిసినది. వియ్యపురాండ్రిద్దఱును మంచి చెడ్డలు మొదట ఒకరితో నొకరు చెప్పుకొనవలెనని మా కోరిక.

“చిరంజీవులారా! మీ వ్రేళ్లకున్న ఉంగరములు మీరు ఒకరికొకరు ఇచ్చుకొన్న మాటకు గుర్తులు. ముహూర్తమునకు ఇంకను కొన్ని వారములున్నవి. ఆ దినములు మీకు పొడవుగా తోచును. వానిని వ్యర్థము చేయక, ఇష్టములను, భయములను, చేయదలచిన పనులను ఒకరికొకరు చెప్పుకొనుడు. అమ్మాయీ, నీ ఉద్యోగమును, నీ తల్లిని చూచుకొనవలెనను నీ కోరికను ఇప్పుడే చెప్పుము. నాయనా, నీవును దాచక చెప్పుము. మీ కల్యాణము నిర్విఘ్నముగా జరుగుగాక. ఆనాడు మేమందఱము మఱల ఈ యింటికి వచ్చెదము గాక.”

ఇది విని పిల్ల తల్లివంక చూచినది. వరుడు తల యూపెను. భోజనములవేళ ఆ పెద్దమనిషియే మా దగ్గఱకు వచ్చి, “అమ్మా, నేను పిల్లను పొగడుట మఱచితిని సుమీ” అనెను. “మేము తల్లినే మఱచితిమి బాబాయిగారూ” అంటిమి. ఇద్దఱము నవ్వుకొంటిమి.

పెండ్లి వైశాఖమున జరిగినది. శుభలేఖ తెచ్చి ఇచ్చుటకు తల్లియే ఇంటింటికి వచ్చినది. మొదటి శుభలేఖను మోపిదేవి స్వామి పాదములకడ ఉంచి వచ్చితినని చెప్పి, రెండవది మాకిచ్చెను. దానిపై ఆహ్వానించువారి వరుసలో మొట్టమొదట ఆమె పేరే అచ్చయి యుండెను. ఎవరు వేయించిరని అడిగితిమి. “అల్లుడుగారు వేయించినారు వదినగారూ” అని, ఆ అక్షరములను వ్రేలితో తడవి చూచుకొనెను.